వారానికో పేజీ: మన నడతను మనమే చదువుకునే పద్ధతి

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో అచ్చాఫీసు నడుపుకుంటున్న రోజుల్లో, ఇంకా ముప్పై ఏళ్లు నిండకముందే, తన కోసం ఒక చిన్న పుస్తకం తయారు చేసుకున్నాడు. మితంగా తినడం, అనవసరంగా మాట్లాడకపోవడం, క్రమపద్ధతి, నిజాయితీ, న్యాయం, ఇలా తనకు కావాలనుకున్న 13 సుగుణాలను ఏరుకుని ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించాడు. పేజీలో ఎర్రసిరాతో గీతలు గీశాడు. నిలువున వారంలోని 7 రోజులకు 7 గళ్లు, అడ్డంగా 13 వరుసలు. ఏ రోజు ఏ విషయంలో తప్పు జరిగిందని తోస్తే ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు.

ఒకేసారి అన్నింటినీ సరిదిద్దుకోవాలని ఆయన చూడలేదు. వారానికి ఒక్క సుగుణం మీదే గట్టిగా దృష్టి పెట్టి, మిగతా పన్నెండింటికీ సాయంత్రం చుక్కలు పెట్టి ఊరుకునేవాడు. 13 వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది, ఏడాదిలో నాలుగు చుట్లు. పాత చుక్కలు గీకి గీకి కాగితానికి చిల్లులు పడుతుంటే, దంతపు రేకులున్న పుస్తకంలోకి ఆ పట్టికను మార్చుకున్నాడు. దాని మీద పెన్సిలు గుర్తులు తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. 1784లో, 78 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్‌లో ఉండగా తన ఆత్మకథలో ఈ సంగతంతా రాస్తూ, తనలో ఇన్ని లోపాలున్నాయని పుస్తకం మొదలుపెట్టేవరకు అనుకోలేదని ఒప్పుకున్నాడు. క్రమపద్ధతి అనే వరుస ఆయనకు చివరిదాకా లొంగలేదు.

నడతను రాసి చూసుకోవాలనుకునేవాళ్లకు ఫ్రాంక్లిన్ పుస్తకంలో నేర్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, వారం అనే కొలత. రెండోది, ఆ పుస్తకం చేయలేకపోయిన పని. ఈ రెండింటినీ కలిపి చూస్తే, వారానికో పేజీ ఎలా రాయాలో, రాసింది ఎలా తిరిగి చదవాలో తేటపడుతుంది.

చుక్క చెప్పనిది

నల్లచుక్క లెక్క చెబుతుంది, కారణం చెప్పదు. మంగళవారం కోపం గడిలో ఒక చుక్క, శుక్రవారం నిజాయితీ గడిలో ఒక చుక్క ఉన్నాయనుకోండి. ఆ రెండూ ఒకే ఇబ్బందిలోంచి పుట్టాయా, వేర్వేరుగా పుట్టాయా అన్నది పట్టిక చూస్తే తెలియదు. అది తెలియాలంటే ఏం జరిగిందో వాక్యాల్లో ఉండాలి. ఎవరితో, ఎప్పుడు, ఏ మాట అన్నామో ఉండాలి. చుక్కల పట్టిక కంటే రాసిన పేజీ మేలు అనడానికి కారణం ఇదే.

చుక్క చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది, అది మరింత బరువైనది. ఆ పదమూడు సుగుణాల్లో న్యాయం కూడా ఉంది. అయినా తర్వాతి దశాబ్దాల్లో ఫ్రాంక్లిన్ ఇంట్లో బానిసలు ఉన్నారు. ఆయన నడిపిన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు అచ్చయ్యాయి. మనుషుల్ని సొంతం చేసుకోవడం తప్పు అనే గడి ఆ పట్టికలో లేదు కాబట్టి అక్కడ చుక్క పడే అవకాశమే లేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన మారాడు. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, బానిసత్వాన్ని ఆపమని అమెరికా కాంగ్రెస్‌కు పంపిన వినతిపత్రం మీద సంతకం పెట్టాడు.

మన జాబితా మనమే రాసుకుంటే, మనకు ముందే తప్పుగా కనిపించేవే అందులోకి వస్తాయి. మనకు కనిపించనివి జాబితా బయటే మిగిలిపోతాయి. ఫ్రాంక్లిన్ జాబితాలో మొదట 12 సుగుణాలే ఉండేవి. నీకు గర్వం ఎక్కువ, మాటల్లో అవతలివాళ్లను నొక్కేస్తావు అని క్వేకర్ మతస్థుడైన ఒక మిత్రుడు చెప్పి, ఉదాహరణలు కూడా చూపించాక పదమూడోదిగా వినయం వచ్చి చేరింది. అంటే ఆ ఒక్క గడి బయటి మనిషి కళ్లతో గీసింది. ఈ పని ఒంటరిగా చేసేదే అయినా, ప్రశ్నల్లో మాత్రం ఇంకొకరి చూపు ఉండి తీరాలి.

రోజూ ఎందుకు వద్దు

రోజూ రాసే డైరీ మంచిదే. కానీ నడత గురించి రోజూ రాస్తే ఆ రోజు వేడి తగ్గకముందే రాస్తాం. గొడవ జరిగిన రాత్రి పేజీలో అవతలివాళ్ల తప్పే పెద్దదిగా ఉంటుంది, లేదా మన మీద మనకే అసహ్యం నిండి ఉంటుంది. నెలకోసారి రాద్దామంటే వివరాలు గుర్తుండవు. వారానికి కోపం చల్లారుతుంది, మాటలు ఇంకా గుర్తుంటాయి. పైగా వారంలో ఇల్లు, పని, బజారు, చుట్టాలు, డబ్బు అన్నీ ఒక చుట్టు తిరుగుతాయి. 1930లో ఎరవాడ జైల్లో ఉన్న గాంధీ, ఆశ్రమవాసులకు ప్రతి మంగళవారం ఒక వ్రతం గురించి చొప్పున ఉత్తరాలు రాశారు. అవే తర్వాత ‘మంగళ ప్రభాత్’ పుస్తకమయ్యాయి. ఒక విషయానికి ఒక వారం ఇవ్వడంలోని సౌకర్యం ఆ ఉత్తరాల్లోనూ కనిపిస్తుంది.

వారాంతానికి జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుందన్న ఇబ్బంది ఒకటి ఉంది. అందుకు మందు చిన్నదే. వారం మధ్యలో ఏదైనా జరిగినప్పుడు నాలుగైదు మాటలు ఒక చీటీ మీదో ఫోన్లోనో రాసి పెట్టుకోవాలి. ‘బుధవారం, ఆటో అబ్బాయి, చిల్లర, గట్టిగా అరిచాను’ అంటే చాలు. అక్కడ వివరణ వద్దు, తీర్పు వద్దు. రాసే రోజున ఆ చీటీలు ముందు పెట్టుకుంటే జ్ఞాపకానికి తప్పించుకునే దారి ఉండదు.

పేజీలో ఏముండాలి

వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకోండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. పేజీని మూడు భాగాలు చేయండి.

మొదటి భాగం ‘జరిగింది’. వారంలో ఒక సంఘటన, రెండుకు మించకుండా. కంటితో చూడగలిగింది, చెవితో వినగలిగింది మాత్రమే ఇక్కడ రాయాలి. ‘పనమ్మాయితో దురుసుగా ప్రవర్తించాను’ అని రాస్తే అది అప్పుడే తీర్పు అయిపోయింది. ‘ఆమె పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నీకు జీతం ఊరికే ఇస్తున్నామా అన్నాను. అప్పుడు పక్కింటావిడ గుమ్మంలో ఉంది’ అని రాస్తే అది సంఘటన. అన్న మాట అన్నట్టే రాయడం కష్టంగా ఉంటుంది. సరిగ్గా అందుకే రాయాలి. దురుసు అనే మాట వెనకాల ఏ వాక్యమైనా దాక్కుంటుంది, అన్న మాట రాసేస్తే దాక్కోలేదు.

రెండో భాగం ‘ఎవరి మీద పడింది’. ఆ పని వల్ల ఎవరికి ఏం పోయింది? డబ్బా, సమయమా, పరువా, మన మీది నమ్మకమా? పనమ్మాయి విషయంలో పోయింది పక్కింటావిడ ముందు ఆమె పరువు. పది నిమిషాల ఆలస్యానికి జీతం పేరెత్తడం సరిపోయే మాటేనా అన్న ప్రశ్న అప్పుడు దానంతటదే వస్తుంది.

మూడో భాగం ‘వచ్చే వారం’. ఒక్క వాక్యం చాలు. అందులో చేసే పని, చేసే రోజు ఉండాలి. ‘ఇకమీదట మంచిగా ఉంటాను’ అన్నది ఈ భాగంలోకి రాకూడదు, ఎందుకంటే వారం తిరిగాక అది జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ‘సోమవారం ఆమె రాగానే, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అని చెబుతాను’ అంటే చెప్పవచ్చు. వినయం విషయంలో ఫ్రాంక్లిన్ చేసింది ఇదే. వినయంగా ఉండాలి అని రాసుకుని వదిలేయలేదు. ‘కచ్చితంగా’, ‘నిస్సందేహంగా’ లాంటి మాటలు వాడటం మానేసి, ‘నాకు ఇప్పటికి ఇలా తోస్తోంది’ అనడం అలవాటు చేసుకున్నాడు. లోపల గర్వం పూర్తిగా పోలేదని తానే చెప్పుకున్నాడు. కానీ సంభాషణలు సాఫీగా సాగాయని, తన మాటకు ఎదురు తగ్గిందని కూడా చెప్పాడు.

ప్రశ్నలు

ఖాళీ పేజీ ముందు కూర్చుంటే, బాగా గుర్తున్న గొడవే రాస్తాం. గుర్తు లేని చిన్న అన్యాయం బయటికి రావాలంటే ప్రశ్న కావాలి. నాలుగు వారాలకు నాలుగు విషయాలు పెట్టుకోవచ్చు: మాట, డబ్బు, అధికారం, కాలం. నాలుగూ అయ్యాక మళ్లీ మొదటికి. మూడు చుట్లు తిరిగితే 12 వారాలు. పదమూడో వారం కొత్తగా ఏమీ రాయకుండా వెనక్కి చదవడానికి ఉంచుకోవాలి.

మాట వారానికి:
- ఈ వారం నేను చెప్పినవాటిలో నిజం కానిది ఏది? ఎవరితో అన్నాను, ఏం తప్పించుకోవడానికి?
- లేని మనిషి గురించి ఏం మాట్లాడాను? అతను గదిలో ఉంటే అదే మాట అనేవాణ్నా?
- మాట్లాడాల్సిన చోట ఎక్కడ ఊరుకున్నాను?

డబ్బు వారానికి:
- ఎవరికి ఇవ్వాల్సింది ఆలస్యం చేశాను? ఆ ఆలస్యం వాళ్లకు ఎలా తగిలింది?
- ఎవరి దగ్గర బేరం ఆడాను, ఎవరి దగ్గర ఆడలేదు? ఎందుకు?

అధికారం వారానికి:
- నాకు ఎదురు చెప్పలేనివాళ్లు ఈ వారం ఎవరు తగిలారు? పిల్లలా, కింది ఉద్యోగా, వాచ్‌మనా, సరుకులు తెచ్చిన కుర్రాడా? వాళ్లతో నేనన్న ఒక వాక్యం ఉన్నదున్నట్టు రాయాలి.
- నా పని ఎవరి చేత చేయించాను? వాళ్లకు కాదనే వీలుందా?

కాలం వారానికి:
- ఎవరికి మాట ఇచ్చి తప్పాను?
- నాకోసం ఎవరు ఎదురుచూశారు, ఎంతసేపు?

వీటికి తోడు ప్రతి వారం పేజీ చివర అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ వారం గురించి మా ఇంట్లోనో పనిచోటో ఇంకొకరు రాస్తే, వాళ్ల పేజీ నా పేజీకి ఎక్కడ తేడాగా ఉంటుంది? ఫ్రాంక్లిన్‌కు ఆ మిత్రుడు చేసిన మేలును మనం ప్రతివారం కొద్దిగానైనా ఈ ప్రశ్నతో పొందవచ్చు. అలాగే రెండు మూడు వారాలకోసారి సరిగ్గా చేసిన పని ఒకటి కూడా రాయాలి. రాసేటప్పుడు, దానికోసం ఏం వదులుకున్నానో కలిపి రాయాలి. ఏమీ వదులుకోని మంచిపని రాయడం తేలిక, కానీ దాన్ని చూసి నేర్చుకునేది తక్కువ.

ఒక దర్జీ దుకాణం లెక్క

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో చూడటానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తెనాలిలాంటి ఊళ్లో ఒకావిడ బ్లౌజులు కుట్టే దుకాణం నడుపుతోంది. కటింగ్ తనే చేస్తుంది. కుట్టడానికి ఒకామె, హుక్కులకు, చేతికుట్టుకు ఒకమ్మాయి ఉన్నారు. శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు. ఆది జాకెట్లతో, లైనింగ్ గుడ్డలతో కవర్లు అలమారా నిండి కింద కూడా పేరుకున్నాయి.

మొదటి వారం ఆమె పేజీలో ఇలా ఉంది. ‘శుక్రవారం సాయంత్రం టీచరుగారు మూడు జాకెట్ల కోసం వచ్చారు. హుక్కులే మిగిలాయి, రేపు పొద్దున రండి అన్నాను. గుడ్డ అప్పటికి కత్తిరించనేలేదు. శనివారం ఆమె బడికి పూట సెలవు పెట్టుకుని వచ్చి వట్టిచేతులతో వెళ్లారు.’ ఎవరి మీద పడింది అన్న చోట: ‘ఆమె సగం రోజు సెలవు, నామీద నమ్మకం.’ వచ్చే వారం: ‘జాకెట్లు నేనే ఇంటికి తీసుకెళ్లి ఇస్తాను, కుట్టు కూలి తీసుకోను.’

రెండో వారం: ‘చెయ్యి తిరగేసి కుట్టిందని హుక్కుల అమ్మాయిని ఇద్దరు ఖాతాదారుల ముందు, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు అన్నాను. ఆ జాకెట్టు ఆమె పని కాదు. కుట్టే ఆమె ఆ రోజు రాలేదు. రాత్రి ఎనిమిదింటికి ఇచ్చి, పొద్దున్నకి కావాలన్నాను.’ మూడో వారం: ‘బాబు బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తానని చెప్పి వెళ్లలేదు. వాడు గేటు దగ్గర చూస్తూ కూర్చున్నాడట.’ నాలుగో వారం మళ్లీ ‘రేపు ఇచ్చేస్తాను’, ఈసారి ఇంకో ఖాతాదారు.

వారం వారం చూస్తే ఒకటి అబద్ధం, ఒకటి కోపం, ఒకటి మాట తప్పడం. చుక్కల పట్టికైతే మూడు వేర్వేరు వరుసల్లో పడేవి. ఆమె కూడా నోరు అదుపులో పెట్టుకోవాలి, అబద్ధాలు మానాలి, బాబుకు సమయం ఇవ్వాలి అని మూడు తీర్మానాలు చేసుకునేది. ఒక్కటీ నిలిచేది కాదు.

నాలుగో వారం చివర ఆమె నాలుగు పేజీలూ ఒకచోట పెట్టుకుని, పక్కన ఆర్డర్ల పుస్తకం తెరిచింది. ముగ్గురూ సరిగ్గా పనిచేస్తే రోజుకు 5 లైనింగ్ జాకెట్లు తయారవుతాయి. ఆరు రోజులకు 30. ఆ నెలలో ఏ వారం చూసినా 40కి తక్కువ తీసుకోలేదు. ఆ పైన తీసుకున్న పదింటి బరువు ఎవరో ఒకరు మోయాలి. ఒక వారం టీచరుగారు సెలవుతో మోశారు, ఒక వారం హుక్కుల అమ్మాయి పరువుతో, నిద్రతో మోసింది, ఒక వారం బాబు మోశాడు. తప్పు జరిగిన చోటు సాయంత్రం కౌంటరు దగ్గర కాదు. కవరు అందుకుంటూ, లెక్క చూసుకోకుండా ‘సరే, ఇవ్వండి’ అన్న క్షణంలోనే అది జరిగిపోయింది.

అప్పుడు తీసుకున్న నిర్ణయం వేరుగా ఉంది. ఆర్డర్ల పుస్తకంలో ప్రతివారం మొదట్లో 1 నుంచి 30 వరకు అంకెలు వేసుకుంది. కవరు తీసుకోగానే అంకె ఎదురుగా పేరు రాస్తుంది. 30 నిండితే తేదీ తర్వాతి వారానికి వెళ్తుంది. ‘ఈ వారం నిండిపోయిందమ్మా, వచ్చే బుధవారం ఇస్తాను’ అని చెప్పి రసీదు మీద ఆ తేదీ వేస్తుంది. కొందరు కవరు వెనక్కి తీసుకుని వేరే దుకాణానికి వెళ్లారు. ఆ నష్టం కూడా ఆమె పేజీలో రాసుకుంది, ఎందుకంటే నిజం చెప్పడానికి పెట్టిన ఖర్చు అదే. హుక్కుల అమ్మాయికి మాత్రం దుకాణంలో ఖాతాదారులుండగానే, ఆ రోజు తప్పు నీది కాదు, నేను అలా అనకూడదు అని చెప్పింది. నలుగురిలో పోయిన పరువు చాటుగా చెప్పిన మాటతో తిరిగి రాదు.

తర్వాతి నాలుగు వారాల పేజీల్లో ‘రేపు’ అన్న అబద్ధం ఒక్కసారే కనిపించింది. అది వదినగారి విషయంలో. ఆమె జాకెట్టు 31వది. అయినవాళ్లకు కాదనలేకపోవడం అన్నది ఆమెకు అప్పటిదాకా లోపంగానే తోచలేదు, ప్రేమగా తోచింది. పుస్తకం ఆ అంకె చూపించాక గానీ తెలియలేదు. ఇప్పుడు ఆమె 28 దగ్గరే ఆగి, రెండు అంకెలు అయినవాళ్లకోసం ఖాళీగా ఉంచుతోంది.

తిరిగి చదవడం

ఈ ఉదాహరణలో మేలు జరిగింది రాసిన రోజున కాదని గమనించండి. నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టి చదివిన రోజున జరిగింది. జైనుల ప్రతిక్రమణ సంప్రదాయంలో దోషాల్ని తలచుకోవడం రోజూ ఉంటుంది, పక్షానికి ఉంటుంది, నాలుగు నెలలకు, ఏడాదికి కూడా ఉంటుంది. ఒక్కో వ్యవధిలో ఒక్కో రకం సంగతి కనిపిస్తుంది. మన పుస్తకానికి మూడు వ్యవధులు సరిపోతాయి.

ప్రతివారం కొత్త పేజీ మొదలుపెట్టే ముందు, పోయిన వారం పేజీలో చివరి వాక్యం ఒక్కటే చదవాలి. ‘చేశాను’, ‘చేయలేదు’, ‘సగం చేశాను’ అని పక్కన రాయాలి. ఒకే వాక్యం పక్కన వరుసగా మూడుసార్లు ‘చేయలేదు’ వస్తే, మనకు పట్టుదల లేదని అప్పుడే తేల్చేయకండి. ఆ పని మరీ పెద్దదై ఉండవచ్చు, లేదా అసలు కారణం వేరే చోట ఉండవచ్చు. దాన్ని సగానికి తగ్గించి రాసి చూడండి.

నాలుగు వారాలకోసారి వేరే రంగు పెన్సిలుతో చదవాలి. కొత్త తప్పులేవీ ఒప్పుకోనక్కర్లేదు, గుర్తులు పెట్టాలంతే. సంఘటన జరిగిన వేళ ఏది? ఏ మనిషి మళ్లీ మళ్లీ వస్తున్నాడు? దానికి ముందు ఏం జరిగింది? తర్వాత సాకుల కింద గీత గీయాలి. ‘తప్పలేదు’, ‘ఏం చేయను మరి’, ‘అందరూ చేసేదే’, ‘అంత పెద్ద విషయమేం కాదు’, ఇలా మనకు అలవాటైన మాట ఏదో ఒకటి ఉంటుంది. ఒకే సాకు రెండు మూడు పేజీల్లో కనబడితే, ఆ పేజీలను కలిపే దారం దాని దగ్గరే దొరుకుతుంది. దర్జీ ఆమె పేజీల్లో గీత పడ్డ మాట ‘సీజను కదా’.

పదమూడో వారం పన్నెండు పేజీలూ ఒక్క కూర్చోలో చదవాలి. అప్పుడు మూడు ప్రశ్నలు. మళ్లీ మళ్లీ వచ్చింది ఏది? తగ్గింది ఏది? పేజీల్లో అసలు కనబడని మనిషి ఎవరు? మూడోది అన్నిటికంటే విలువైనది. మూడు నెలల్లో మీ తోబుట్టువో, ఇంట్లో పనిచేసే మనిషో, కింది పోర్షనులో అద్దెకుండేవాళ్లో ఒక్కసారి కూడా కనబడలేదంటే, వాళ్ల విషయంలో తప్పేమీ జరగలేదని కావచ్చు. వాళ్లమీద పడిన బరువు మన లెక్కలోకే రాలేదనీ కావచ్చు. ఫ్రాంక్లిన్ పట్టికలో లేని గడి ఇక్కడే దొరుకుతుంది. ఆ వారం మీరు నమ్మే ఒక మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: ఈ మూడు నెలల్లో నా వల్ల నీకు ఏమైనా ఇబ్బంది అయిందా? విన్నాక సమాధానం చెప్పుకోకుండా, విన్నది విన్నట్టు పుస్తకంలో రాసుకోండి. వివరణ ఇవ్వడం మొదలుపెడితే ఆ మనిషి ఇంకోసారి నిజం చెప్పరు.

ఎక్కడ దారి తప్పుతుంది

ఈ పుస్తకం రెండు వైపులా ఒరిగిపోవచ్చు. ఒకటి, ఇతరుల మీద ఫిర్యాదుల పుస్తకం కావడం. పోల్చుకునే గుర్తు తేలికే. పేజీలోని వాక్యాల్లో పని చేస్తున్నది ఎవరో చూడండి. ‘అతను అన్నాడు’, ‘ఆమె చేసింది’ అన్నవే ఎక్కువగా ఉండి ‘నేను’ ఒకటి రెండు చోట్లే ఉంటే, ఆ పేజీ దారి తప్పింది. అవతలివాళ్ల తప్పు నిజమే కావచ్చు, కానీ దాన్ని సరిచేసే వీలు ఈ పుస్తకానికి లేదు.

రెండోది, తనను తాను కొట్టుకోవడం. ఆత్మపరిశీలన వేరు, గాయాన్ని గెలుకుతూ ఉండటం వేరని మనస్తత్వవేత్తలు విడదీసి చూపారు. అదే సంఘటన మూడోసారి రాస్తూ కొత్త వివరం ఒక్కటీ చేర్చలేకపోతే, ‘ఏం చేశాను’ అన్నది పోయి ‘నేనసలు ఎలాంటి మనిషిని’ అన్నదే మిగిలితే, రాసిన రాత్రి నిద్ర పట్టకపోతే, అది గెలకడమే. అప్పుడు ఆ పేజీని ‘నేను’ బదులు మీ పేరుతో, వేరే మనిషి గురించి చెబుతున్నట్టు రాసి చూడండి. ఇలా కొంచెం ఎడంగా నిలబడి చూసుకుంటే ఉద్వేగం మళ్లీ రగలడం తగ్గుతుందని ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ అనే మనస్తత్వవేత్తల పరిశోధనలు చెబుతున్నాయి. అయినా భారం తగ్గక, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే పుస్తకం మూసేసి వైద్యుణ్ని కలవాలి. మన దేశంలో ప్రభుత్వం నడిపే టెలిమానస్ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ 14416కి ఏ వేళప్పుడైనా చేయవచ్చు.

ఇంట్లో దెబ్బలో, నిత్యం అవమానాలో పడుతున్నవాళ్లు మాత్రం ఆ బాధకు తమలో తప్పు వెతకడానికి ఈ పుస్తకం వాడకూడదు. తమ మీద జరుగుతున్న హింసకు కారణం తామేనని నమ్మించడం హింసించేవాళ్లు చేసే పని. దానికి మన చేతిరాతతో సాయం చేయకూడదు.

చాటు విషయం కూడా ముందే ఆలోచించుకోవాలి. ఎవరైనా చదువుతారేమో అన్న భయం ఉంటే పేజీ నిజం చెప్పదు, చదివేవాళ్లకు నచ్చేలా తయారవుతుంది. కాగితమైతే తాళం వేసే చోట ఉంచండి, ఫోనైతే దానికి వేరే లాక్ పెట్టండి. ఇతరులు మనకు నమ్మి చెప్పిన రహస్యాలు ఇందులో రాయవద్దు. పేర్ల బదులు పొడి అక్షరాలు చాలు. పదమూడో వారం చదివాక, తేలిన విషయాలు ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని పాత పేజీలు చింపేసినా నష్టం లేదు. ఫ్రాంక్లిన్ కూడా చుట్టు చుట్టుకీ చుక్కలు తుడిచేసేవాడు.

చివరిగా ఒక హెచ్చరిక. తప్పు రాసుకున్నాక మనసు తేలికపడుతుంది. ఆ తేలికే ఇందులో పెద్ద ప్రమాదం. టీచరుగారికి పోయిన పూట సెలవు దర్జీ ఆమె పుస్తకంలో రాసినందువల్ల తిరిగి రాలేదు, జాకెట్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి కూలి వద్దన్నప్పుడే కొంతైనా తీరింది. అందుకే పేజీలో రెండో భాగంలో ఎవరి పేరైనా ఉంటే, మూడో భాగంలో కూడా ఆ పేరు ఉండాలి. చెల్లించేవరకు ఆ వారం లెక్క మూయకండి.